ఏడాది బ్రేక్‌కి ఎంత దాచాలి, ఇన్సూరెన్స్ ఎప్పుడు తీసుకోవాలి

ప్రశ్న: నమస్తే అండి. నాకు 38, చాలా ఏళ్లుగా ఒకే కంపెనీలో చేస్తున్నా. ఇంకో రెండేళ్లకి మానేసి ఒక ఏడాది చదువుకోవాలని ఉంది, కోర్సు కూడా చూసి పెట్టుకున్నా. అసలు డబ్బులెంతో చెప్పడం ఇష్టం లేదు, నా చేతికొచ్చే జీతం 100 అనుకోండి. మా ఆవిడ జీతం 40, ఆవిడ ఉద్యోగం మానదు. ఇంటి లోన్ కిస్తీ 20తో కలిపి నెల ఖర్చు 85. నెలకి 40 దాస్తున్నాం. ఇప్పటిదాకా దాచింది 350, అందులో 150 రిటైర్మెంట్ ఖాతాలో ఉంది. కోర్సు ఫీజు 60. ఒక పాప. హెల్త్, లైఫ్ ఇన్సూరెన్స్ రెండూ నా కంపెనీవే, ఆవిడ ఆఫీసులో అలాంటివేం లేవు. నేను మూడేళ్లుగా బీపీ మాత్రలు వేసుకుంటున్నా. 12 నెలల ఖర్చు దాస్తే సరిపోతుందా? ఇన్సూరెన్స్ ఉద్యోగం మానేశాక తీసుకుంటే చాలా?

జవాబు: నమస్తే అండి. మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతా, ఎందుకంటే డబ్బు రెండేళ్లలో నెమ్మదిగా కూడబెట్టొచ్చు కానీ ఇన్సూరెన్స్ పని మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టాలి. మానేశాక తీసుకుంటే చాలదు.

కంపెనీ ఇచ్చే గ్రూప్ హెల్త్ పాలసీలో ఒక సౌకర్యం ఉంటుంది, మనం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ దాని విలువ తెలీదు. చాలా గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకి కూడా మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది, మీకు బీపీ ఉందా అని ఎవరూ అడగరు కూడా. అదే మీరు సొంతంగా పాలసీకి వెళ్తే ఫారంలో అడుగుతారు, టెస్టులు చేయించమంటారు, బీపీ ఉందని ప్రీమియం పెంచొచ్చు, పాలసీ ఇచ్చినా ముందునుంచీ ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ పెడతారు, అంటే అది గడిచేదాకా ఆ జబ్బులకి క్లెయిమ్ ఇవ్వరు, అది నెలలు కావచ్చు ఏళ్లు కావచ్చు. బీపీయే కదా మాత్ర వేసుకుంటే సరిపోతుంది అనుకోకండి. రేపు గుండెకో కిడ్నీకో ఏదైనా వచ్చి హాస్పిటల్లో చేరితే దానికి మూలం పాత బీపీయే అని రాసి క్లెయిమ్ ఆపే అవకాశం ఉంది. వెయిటింగ్ పీరియడ్ అసలు దెబ్బ అక్కడ పడుతుంది.

అందుకే సొంత ఫ్యామిలీ పాలసీ ఇప్పుడే తీసుకోండి, కంపెనీ పాలసీ ఉండగానే. రెండు పాలసీలు దేనికి, డబ్బు దండగ అని ఇంట్లో అంటారు, నిజమే, ఈ రెండేళ్లు దాన్ని బహుశా వాడరు. కానీ ఈ రెండేళ్లలో ఏదైనా జరిగితే కంపెనీ పాలసీ చూసుకుంటుంది, ఈలోపు సొంత పాలసీలో వెయిటింగ్ గడియారం తిరుగుతూ ఉంటుంది, మీరు ఉద్యోగం మానే రోజుకి అది అయిపోయి ఉంటుంది లేదా ఇంకొన్ని నెలలు మిగులుతుంది. మీరు ఆ ప్రీమియంతో కొనుక్కుంటున్నది ఆ గడిచిన కాలాన్ని. ఫారంలో బీపీ సంగతి, వేసుకునే మాత్ర పేరు, ఎప్పట్నుంచి అన్నది దాచకుండా రాయండి, ఏజెంట్ ఎవరైనా "రాయకపోయినా ఏం కాదు లెండి" అంటే ఆ ఏజెంట్‌ని మార్చండి, ఎందుకంటే క్లెయిమ్ అప్పుడు పాత ప్రిస్క్రిప్షన్లు అడుగుతారు, దాచినట్టు తేలితే అప్పటిదాకా కట్టిన ప్రీమియాలన్నీ గంగలో పోసినట్టే.

ప్రీమియం మరీ ఎక్కువనిపిస్తే ఎక్కువ డిడక్టబుల్ ఉన్న ప్లాన్ తీసుకోవచ్చు, అంటే బిల్లులో మొదటి ఇంత వరకు మీరే భరిస్తారు, ఆపైన ఇన్సూరెన్స్ కంపెనీ భరిస్తుంది. చవగ్గానే వస్తుంది. కానీ అప్పుడు ఆ "మొదటి ఇంత" మొత్తం మీ దగ్గర నగదుగా ఉండాలి, దాన్ని కింద చెప్పబోయే అత్యవసర నిధికి అదనంగా కలపాలి. చాలామంది చవక ప్లాన్ తీసుకుని ఈ ముక్క మర్చిపోతారు.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు, రూల్స్ దాన్నిబట్టి మారతాయి కాబట్టి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తా. ఇండియాలో అయితే గ్రూప్ పాలసీ నుంచి బయటికొచ్చేటప్పుడు అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే దారి ఉంది, దాన్ని మైగ్రేషన్ అంటారు, గ్రూప్‌లో గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో కలిసొస్తుంది, కానీ పాలసీ ఇవ్వాలా ఎంత ప్రీమియం అన్నది వాళ్లు మళ్లీ చూస్తారు, అందుకే దాన్ని రెండో దారిగా పెట్టుకోండి. 2024 రూల్స్ ప్రకారం అక్కడ పాత జబ్బుల వెయిటింగ్ 3 ఏళ్లు మించకూడదు. అమెరికాలో అయితే కోబ్రా అనే చట్టం కింద సాధారణంగా 18 నెలల దాకా అదే కంపెనీ ప్లాన్‌లో కొనసాగొచ్చు, ఎంచుకోడానికి 60 రోజులు టైం ఇస్తారు, కానీ ఇప్పటిదాకా కంపెనీ కట్టిన వాటా కూడా మీరే కట్టాలి, పైన ఇంకో 2 శాతం కూడా పడొచ్చు, ఆ బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. అక్కడ మనం సొంతంగా కొనుక్కునే మార్కెట్‌ప్లేస్ ప్లాన్లలో పాత జబ్బు ఉందని కాదనరు, కాబట్టి అక్కడ సమస్య వెయిటింగ్ కాదు, ప్రీమియం. మీది వేరే దేశమైతే హెచ్ఆర్‌ని ఒకటే ప్రశ్న అడగండి: నా కవర్ ఏ తేదీతో ఆగుతుంది, ఆ తర్వాత దాన్ని నేను సొంత ఖర్చుతో కొనసాగించొచ్చా, ఎన్ని రోజుల్లో చెప్పాలి. జవాబు మెయిల్‌లో తీసుకోండి. కొన్నిచోట్ల ఆఖరి పనిరోజు అర్ధరాత్రితో ఆగుతుంది, కొన్నిచోట్ల ఆ నెలాఖరు దాకా ఉంటుంది, ఆ తేడా తెలీక మధ్యలో రెండు మూడు వారాలు ఏ కవరూ లేకుండా ఉండిపోయేవాళ్లు ఉంటారు.

లైఫ్ ఇన్సూరెన్స్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. కంపెనీ ఇచ్చేది ఉద్యోగంతో పాటే పోతుంది. మీకు లోన్ ఉంది, పాప ఉంది, కాబట్టి కనీసం లోన్ బాకీ, దానిపైన ఇంట్లోవాళ్లకి కొన్నేళ్లు గడిచే మొత్తం కలిపి ఒక టర్మ్ పాలసీ కావాలి. దీన్ని జీతం వస్తున్నప్పుడే తీసుకోవాలి, ఎందుకంటే ఎంత కవర్ ఇవ్వాలన్నది వాళ్లు మీ ఆదాయం చూసి నిర్ణయిస్తారు, పే స్లిప్పులు అడుగుతారు. ఉద్యోగం లేనోడికి పెద్ద కవర్ ఇవ్వడానికి ఇష్టపడరు. ఒకసారి తీసుకున్నాక మాత్రం మీరు ఉద్యోగం మానేసినా మామూలుగా పాలసీకి ఏం కాదు, ప్రీమియం కడుతుంటే చాలు. బ్రేక్ ఏడాదిలో ఆ ప్రీమియం మర్చిపోతారేమో అన్నదే నా భయం, ఎందుకంటే జీతం ఖాతా మూసేస్తే దానికున్న ఆటో డెబిట్ కూడా ఆగిపోతుంది. గ్రేస్ పీరియడ్ కొద్ది వారాలే ఉంటుంది, అది దాటి పాలసీ ల్యాప్స్ అయితే మళ్లీ బతికించుకోడానికి ఆరోగ్యం గురించి కొత్తగా రాసివ్వాలి, అప్పుడు మళ్లీ బీపీ కథ మొదటికొస్తుంది. ఆఖరి జీతం వచ్చిన నెలలోనే ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టేయండి.

ఇంకోటి, మీకు ఆదాయం ఆగిపోతే నెలనెలా ఇంత ఇస్తాం అనే పాలసీ ఏదైనా ఉంటే, లేదా లోన్‌తో పాటు అంటగట్టిన పాలసీ ఉంటే, కాగితాలు తీసి చూడండి. మనంతట మనం రాజీనామా చేస్తే ఉద్యోగం పోయిన కేసుగా లెక్కేయరు. జబ్బు చేసి పని చెయ్యలేకపోతే ఇచ్చే పాలసీల్లో కూడా, ఆ సమయానికి ఉద్యోగంలో ఉంటే ఒక నిర్వచనం, లేకపోతే ఇంకా కఠినమైన నిర్వచనం పెడుతుంటారు. బ్రేక్‌లో అవి మిమ్మల్ని ఆదుకుంటాయని లెక్కలో వేసుకోకండి.

ఇప్పుడు డబ్బు. 12 నెలల ఖర్చొక్కటే దాస్తే సరిపోదు, కానీ మీ కేసులో ఆ నెలల ఖర్చు మొత్తం దాచిన డబ్బులోంచే రావాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే ఆవిడ 40 వస్తూనే ఉంటుంది. ముందు మీ నెల ఖర్చు దగ్గర ఆగుదాం. ఇద్దరికీ కలిపి వచ్చేది 140, ఖర్చు 85 అన్నారు, అంటే 55 మిగలాలి, మీరు దాచేది 40. మిగతా 15 ఎక్కడికి పోతోంది? అది ఖర్చే, మీరు లెక్క రాయని ఖర్చు. గత 12 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసి చూడండి, పాప స్కూలు ఫీజు, బండి ఇన్సూరెన్స్, రిపేర్లు, ఊళ్లు తిరగడాలు, ఇలా ఏడాదికోసారీ రెండుసార్లూ వచ్చేవన్నీ అందులో ఉంటాయి. నెల ఖర్చు అడిగితే ఎవరూ వీటిని చెప్పరు, బ్రేక్ బడ్జెట్లు కూలిపోయేది ఎక్కువగా వీటి దగ్గరే. నేను ఆ 15లో 10 ఇలాంటి తప్పని ఖర్చు అనుకుంటున్నా, మిగతా 5 ఎలాగోలా ఆపి దాంతో పైన చెప్పిన హెల్త్, లైఫ్ ప్రీమియాలు కట్టేయొచ్చు అనుకుంటున్నా. మీ ప్రీమియాలు 5 దాటితే లెక్క మారుతుంది, కొటేషన్లు తెప్పించుకుని నా అంకె తీసేసి మీ అంకె పెట్టుకోండి.

అయితే బ్రేక్‌లో నెల ఖర్చు ఎంత? 85కి ఆ 10, ప్రీమియం 5 కలిపితే 100. ఆఫీసుకి తిరిగే ఖర్చు, బయట తిండి తగ్గుతాయి కాబట్టి 5 తీసేద్దాం, 95. ఇంకా ఎక్కువ తగ్గుతుందని ఆశపడకండి, ఇంట్లో ఉంటే కరెంటు పెరుగుతుంది, కంపెనీ కట్టే ఫోన్ బిల్లు మీ మీద పడుతుంది, కంపెనీ ల్యాప్‌టాప్ తిరిగిచ్చేశాక కొత్తది కొనాలి. 95లో ఆవిడ జీతం 40 పోతే మీరు దాచిన డబ్బులోంచి నెలకి 55 తియ్యాలి. మన లెక్క మొత్తానికి ఈ 55యే ఆధారం.

12 నెలలకి 660. కానీ మీ బ్రేక్ 12 నెలల్లో అయిపోదు, చదువు అయిపోయిన మర్నాడే ఎవరూ జీతం ఇవ్వరు కదా. ఉద్యోగం వెతకాలి, ఇంటర్వ్యూలు, ఆఫర్ లెటర్, చేరే తేదీ, చేరాక నెల తిరిగితే గానీ మొదటి జీతం రాదు. దీనికి నేను 5 నెలలు పెడతా, మీ రంగంలో ఉద్యోగాలు నెమ్మదిగా దొరుకుతాయంటే 7 పెట్టుకోండి. 5 నెలలకి 275. కోర్సు ఫీజు 60. ఇక్కడికి 995 అయింది. దీనికి పైన ముట్టుకోకూడని అత్యవసర నిధి ఒకటుండాలి, ఎందుకంటే ఇప్పుడు ఇంట్లో రెండు జీతాలున్నాయి, ఒకటి పోయినా ఇంకోటుంది, బ్రేక్‌లో ఆవిడ జీతం ఒక్కటే, అది కూడా ఆగితే ఏంటి అన్నది ఆలోచించాలి. పూర్తి ఖర్చు 95 చొప్పున 3 నెలలు, 285. మొత్తం 1280.

మీ దగ్గరున్నది 350 కాదు, 200. రిటైర్మెంట్ ఖాతాలోని 150 మర్చిపోండి. చాలాచోట్ల ముందుగా తీస్తే పన్నో పెనాల్టీయో పడుతుంది, అవి లేకపోయినా ఆ డబ్బు 20 ఏళ్లు పెరగాల్సింది, ఒక ఏడాది బ్రేక్ కోసం దాన్ని విరగ్గొట్టడం నాకు నచ్చదు. 200కి, నెలకి 40 చొప్పున 24 నెలల 960 కలిపితే 1160. ఇంకా 120 తక్కువ. అంటే సరిగ్గా మూడు నెలల సేవింగ్స్. కాబట్టి నా జవాబు రెండేళ్లు కాదు, రెండేళ్ల మూడు నెలలు. ఆ మూడు నెలల్లో బోనస్ వచ్చే తేదీ ఉంటే అది దాటాక రాజీనామా పెట్టండి, వాడుకోని సెలవులకి డబ్బిస్తారా అని కూడా కనుక్కోండి, కానీ చేతికొచ్చేదాకా వాటిని లెక్కలో కలపకండి.

ధరల సంగతి వదిలేశానని మీరు అడిగేలోపే చెప్తా. రెండేళ్లలో ఆ 95 కాస్తా 100 అయిందనుకోండి, ఆవిడ జీతం పెరగలేదనుకోండి, నెలకి తియ్యాల్సింది 60 అవుతుంది. 5 తేడాయే కదా అనిపిస్తుంది, కానీ అది 17 నెలలు తియ్యాలి, అంటే 85, అత్యవసర నిధి కూడా 15 పెరగాలి, మొత్తం 100. నెల ఖర్చులో ఒక్క 1 పెరిగితే టార్గెట్ 20 పెరుగుతుంది అని గుర్తుపెట్టుకుంటే చాలు. అదే 1 ఇప్పుడు కూడా ఖర్చవుతుంటే ఆ 27 నెలల్లో 27 దాచలేకపోయారు కూడా, అంటే రెండువైపులా దెబ్బే. అందుకని ఈ రెండేళ్లలో మీ జీతం ఎంత పెరిగితే అంతా నేరుగా బ్రేక్ ఖాతాకి పోవాలి, దాన్ని చూసి ఖర్చు పెంచకూడదు. ఆ పెరుగుదలే ధరల సంగతి చూసుకుంటుంది.

ఈ డబ్బు ఎక్కడ పెట్టాలి అన్నదానికి నా అభిప్రాయం కొంచెం మొండిగానే ఉంటుంది, షేర్లలో వద్దు, షేర్ల ఫండ్లలో కూడా వద్దు. రెండేళ్లలో తీసే డబ్బుకి పడిపోయి లేచేంత టైం ఉండదు. 1280లో 30 శాతం పడిందనుకోండి, 384 పోయింది, నెలకి 55 చొప్పున అది ఏడు నెలల బతుకు. లాభం వస్తే మహా అయితే బ్రేక్ రెండు నెలలు పెరుగుతుంది, నష్టం వస్తే బ్రేకే ఉండదు, ఆ బేరం నాకు గిట్టుబాటు అనిపించదు. బ్యాంక్ డిపాజిట్లు చాలు. వడ్డీ వస్తుంది కానీ నేను పై లెక్కలో కావాలనే వేయలేదు, అది ప్రీమియం పెరిగితేనో ల్యాప్‌టాప్ పాడైతేనో పనికొస్తుంది.

డిపాజిట్లు ఒకే పెద్ద ముక్కగా వేయకండి. మీరు మానే తేదీ పెట్టుకుని, మొదటి మూడు నెలలకి కావాల్సిన 165, కోర్సు ఫీజు 60 మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచండి, తర్వాత ఒక్కోటి 165 చొప్పున మూడు డిపాజిట్లు, మూడు నెలలకొకటి చొప్పున మెచ్యూర్ అయ్యేలా వేసుకోండి, దాంతో 12 నెలలు నిండుతాయి. ఉద్యోగం వెతికే 275 ఇంకోటి. 285 అత్యవసర నిధి వేరే ఖాతాలో, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేలా. ఇలా ముక్కలు చేస్తే ఏదో అవసరం వచ్చి ఒకటి ముందే విరగ్గొట్టినా మిగతావాటి వడ్డీ పోదు.

లోన్ విషయంలో ఒక మాట. చేతిలో డబ్బు కనబడుతోంది కదా అని ఈ రెండేళ్లలో లోన్‌కి ముందస్తుగా కట్టేయకండి. మామూలు లోన్‌లో ఒకసారి కట్టేసింది తిరిగి రాదు, కిస్తీ మాత్రం మామూలుగా 20 అలాగే ఉంటుంది, కాలం తగ్గుతుందంతే, మీకు బ్రేక్‌లో కావాల్సింది నగదు. వడ్డీ రేటు తగ్గించుకోవడమో కిస్తీ తగ్గేలా కాలం పెంచుకోవడమో చేసే ఆలోచన ఉంటే ఉద్యోగంలో ఉండగానే బ్యాంక్‌కి వెళ్లండి, రాజీనామా చేశాక వాళ్లు పే స్లిప్ అడిగితే చూపించడానికి ఏముండదు.

ఇవన్నీ కాగితం మీద బానే ఉంటాయి, 95లో మీ ఇల్లు నిజంగా నడుస్తుందా అన్నది నడిపితేనే తెలుస్తుంది. మానేయడానికి ఆరు నెలల ముందు నుంచి మీ జీతం 100 మొత్తాన్ని వేరే ఖాతాలోకి పంపేయండి, నెల మొదటి తారీఖున అక్కణ్ణుంచి ఇంటి ఖాతాకి 60 పంపించుకోండి, అంటే ఆ 55, దానికి ఇప్పటికి ఇంకా ఉన్న ఆఫీసు ఖర్చు 5. ఆవిడ 40, ఈ 60, అంతే, ఆ నెల అంతటితో గడవాలి. రెండో నెలలోనో మూడో నెలలోనో స్కూలు ఫీజు వచ్చి 60 సరిపోక మళ్లీ తీస్తారు చూడండి, ఆ తీసింది రాసిపెట్టుకోండి. ఆరు నెలల సగటున 66 తీస్తున్నారంటే నెలకి 6 ఎక్కువ, ఒక్కో 1కి 20 చొప్పున టార్గెట్ 120 పెరిగింది. అప్పుడు ఇంకో నాలుగైదు నెలలు ఉద్యోగం చెయ్యాలి లేదా ఖర్చు కొయ్యాలి, ఏదైనా ఉద్యోగంలో ఉండగానే తెలియడం మంచిది. ఈ పద్ధతి బ్రేక్ మొదలయ్యాక కూడా అలాగే పెట్టుకోండి, మీకు మీరే నెలకోసారి జీతం ఇచ్చుకోవడం, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవడం కాదు.

బ్రేక్ మధ్యలో ఎప్పుడు ఉద్యోగం వెతకాలి అన్నది నెలలతో కాకుండా ఖాతాలోని అంకెతో పెట్టుకోండి. 1280లో కోర్సు ఫీజు పోతే 1220తో మొదలవుతారు, నెలకి 55 తీస్తే 12 నెలలకి 560 మిగలాలి, అంటే వెతుకులాటకి 275, అత్యవసరానికి 285. కాబట్టి గీత 560 దగ్గర. తొమ్మిదో నెలకే 560కి వచ్చేస్తే కోర్సు ఇంకా అవ్వకపోయినా ఆ వారమే రెజ్యూమె బయటికి తియ్యాలి, 12 నెలలకి ఇంకా 620 ఉంటే హాయిగా ఒక నెల ఆగొచ్చు. ఈ అంకె మీ ఇద్దరూ ముందే ఒప్పుకుని పెట్టుకుంటే ఆవిడ "ఇంకా ఎన్నాళ్లు" అని అడగక్కర్లేదు, మీరు "ఇంకొన్నాళ్లు" అని చెప్పక్కర్లేదు, ఇద్దరూ ఖాతా చూసుకుంటారు.

రాజీనామా పెట్టే ముందు ఒకసారి మీ కంపెనీలో జీతం లేని సెలవు పెట్టే వీలుందేమో అడగండి. చాలా ఏళ్లుగా చేస్తున్న మనిషిని ఊరికే వదులుకోడానికి ఇష్టపడని కంపెనీలుంటాయి. దొరికితే వెతుకులాటకి పెట్టిన 5 నెలలు దాదాపు 1 నెలకి తగ్గుతాయి, అంటే టార్గెట్‌లో 220 పోతుంది, మీరు చెప్పిన రెండేళ్లకే వెళ్లిపోవచ్చు. కాకపోతే సెలవు అంటే ఇన్సూరెన్స్ ఉన్నట్టే అని మాత్రం అనుకోకండి. సెలవులో ఉన్నవాళ్ల పేరు గ్రూప్ హెల్త్ పాలసీలో ఉంచుతారా, ఉంచితే ప్రీమియం ఎవరు కట్టాలి, ఎన్ని నెలల దాకా, ఇవి కంపెనీకో రకంగా ఉంటాయి. గ్రూప్ లైఫ్ పాలసీల్లో అయితే "యాక్టివ్లీ ఎట్ వర్క్" అని ఒక నిబంధన ఉంటుంది, నిజంగా పనికి వస్తున్న ఉద్యోగికే కవర్ అని, ఏడాది సెలవులో ఉన్నవాళ్లు దాని బయటికి పోవచ్చు. హెచ్ఆర్‌లో నోటిమాటగా "మీరు ఇంకా మన ఉద్యోగే కదా, ఉంటుంది లెండి" అంటే వినకండి, సెలవు మంజూరు లెటర్‌లోనే ఇన్సూరెన్స్ గురించి ఒక లైన్ రాయించుకోండి. రాయకపోతే లేదనే అనుకుని సొంత పాలసీల మీదే ఆధారపడండి.

మళ్లీ ఉద్యోగంలో చేరాక కొత్త కంపెనీ గ్రూప్ పాలసీ ఇస్తుంది, అప్పుడు ఈ సొంత హెల్త్ పాలసీ దేనికని ఆపేయాలనిపిస్తుంది. ముందు కొత్త కవర్ ఏ తేదీ నుంచి మొదలవుతుందో చూడండి, కొన్నిచోట్ల చేరిన రోజు నుంచి ఉండదు, ప్రొబేషన్‌లో కొంతకాలం గడిచాకే మొదలవుతుంది. అది మొదలయ్యాక కూడా నేనైతే సొంత పాలసీ ఆపను. ఇప్పుడు ఆపేస్తే గడిచిన వెయిటింగ్ అంతా పోతుంది, ఇంకోసారి ఉద్యోగం మారాల్సి వస్తే నలభై ఏళ్లు దాటి బీపీతో మళ్లీ మొదట్నుంచి ఫారం నింపాలి. ప్రీమియం బరువనిపిస్తే రెన్యువల్ అప్పుడు కవర్ తగ్గించుకోండి, పాలసీ మాత్రం ఉంచండి.